ఒక్క పేపరు ఎవరికి, నాలుగు పేపర్లు ఎవరికి?

ఒకే ఇంటి పిల్లలు ఇద్దరున్నారు అనుకుందాం. అన్నయ్య గుంటూరులో బీకాం చదివి, హైదరాబాద్‌లో ఆర్టికల్‌షిప్ చేసి, మన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ పెట్టే పరీక్షలన్నీ గట్టెక్కి సీఏ అయ్యాడు. చెల్లెలు ఇంటర్ కాగానే మెల్‌బోర్న్ వెళ్లి అక్కడే డిగ్రీ చేసింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి సంస్థ సీఏ ఏఎన్‌జెడ్ పరీక్షలు పాసై అక్కడి సీఏ అయింది. ఇప్పుడు ఇద్దరికీ అమెరికా సీపీఏ కావాలి. అన్నయ్య నాలుగు పేపర్లు రాయాలి. చెల్లెలు ఒక్కటి రాస్తే చాలు.

చదువులో ఎవరు గొప్ప అన్నది ఇక్కడ లెక్కలోకి రాలేదు. చెల్లెలి సంస్థకూ అమెరికాకూ మధ్య పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది. అన్నయ్య సంస్థకు చాలా ఏళ్లుగా అమెరికాతో అలాంటిది లేదు. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో దీన్ని ఎంఆర్‌ఏ అంటారు. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీల లెక్కలు చూసే ఆఫీసులు పెరిగాక ఈ మూడక్షరాలు మన అకౌంటెంట్ల నోట కూడా బాగా నానుతున్నాయి. అందులో సగం సరైన మాటలు, సగం ఆశ.

ఒప్పందం ఎలా పుడుతుందో ముందు చూద్దాం. అమెరికా తరఫున ఈ పని చేసేది ఒక బోర్డు. అక్కడి అకౌంటెంట్ల సంఘం ఏఐసీపీఏ, రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డుల జాతీయ సంఘం నాస్బా కలిసి దాన్ని నడుపుతాయి. ఫలానా దేశం సంస్థ మాతో ఒప్పందం చేసుకోండి అని వచ్చినప్పుడు ఈ బోర్డు ఆ దేశపు సిలబస్‌ను తన సిలబస్ పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. చేరడానికి ఏ చదువు కావాలి, పరీక్షలో ఏం అడుగుతారు, ఎన్నేళ్ల శిక్షణ, తప్పు చేసిన సభ్యుడిని ఎలా శిక్షిస్తారు, ఇలా ఒక్కో అంశాన్నీ పోల్చి చూస్తుంది. రెండు చోట్లా ఒకేలా ఉన్నదాన్ని మళ్లీ పరీక్షించడం దండగ కాబట్టి కొట్టేస్తుంది. కొట్టేయగా మిగిలినదే ఆ దేశం వాళ్లు రాయాల్సిన పరీక్ష.

ఏం మిగులుతుందో ఊహించడం కష్టం కాదు. ఆడిట్ చేసే తీరు సిడ్నీలోనైనా షికాగోలోనైనా చాలావరకు ఒకటే. ఆస్తి అప్పుల పట్టీ తయారుచేయడంలో తేడాలున్నా మూలసూత్రాలు ఒకటే. పన్నుల చట్టం మాత్రం ఏ దేశానిది ఆ దేశానిదే. అందుకే చెల్లెలు రాసే పరీక్ష అమెరికా పన్నులు, వ్యాపార చట్టం, పన్ను సలహాదారులు పాటించాల్సిన నియమాల మీద ఉంటుంది. దాన్ని ఐక్వెక్స్ అంటారు. పేరు వేరే అయినా సీపీఏ పరీక్షలోని రెగ్యులేషన్ పేపరుకు సమానమైనదే. నాలుగు గంటల పరీక్ష, 75 వస్తే పాస్. దీనికి పక్కదారి లేదు. అన్నయ్య రాసే నాలుగింటిలోనూ రెగ్యులేషన్ తప్పదు. ఆడిటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ కూడా తప్పవు. 2024 నుంచి వచ్చిన పద్ధతిలో నాలుగోదాన్ని మూడు ఐచ్ఛికాల్లోంచి ఎంచుకోవాలి.

మిగిలింది ఒక్క పేపరే కదా అని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతినేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలో ఎస్ కార్పొరేషన్ అని ఒక రకం కంపెనీ ఉంది. సాధారణంగా ఆ కంపెనీ ఆదాయపు పన్ను కట్టదు. లాభమైనా నష్టమైనా వాటాదారుల సొంత రిటర్నుల్లోకి పోతుంది. ఒకాయన అలాంటి కంపెనీలో 10,000 డాలర్లు పెట్టాడు, తానే ఏకైక వాటాదారు, కంపెనీకి అప్పేమీ ఇవ్వలేదు. ఆ ఏడాది కంపెనీకి 15,000 డాలర్ల నష్టం వచ్చింది. తన రిటర్నులో ఎంత నష్టం చూపించుకోవచ్చు? మన దగ్గర ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నష్టం కంపెనీలోనే ఉంటుంది, వాటాదారు సొంత రిటర్నుకు రాదు. పదేళ్లు ఆ లెక్కకు అలవాటు పడ్డ బుర్ర ‘సున్నా’ అంటుంది. నష్టం నేరుగా వస్తుందని మాత్రమే చదివినవాడు ‘15,000’ అంటాడు. మొదటి మెట్టులో జవాబు 10,000. పెట్టుబడి లెక్క, అంటే అక్కడివాళ్లు బేసిస్ అనేది, ఎంత ఉందో అంతవరకే. మిగిలిన 5,000 తర్వాతి ఏళ్లకు పోతుంది. ఈ మెట్టు దాటాక ఇంకో రెండు మూడు వడపోతలు ఉన్నాయి. ఇలాంటివి తెలివితో ఊహించి చెప్పేవి కావు, కూర్చుని చదవాల్సిందే. నాలుగు పేపర్లు ఒకటైనంత మాత్రాన ఆ ఒక్కదాని బరువు తగ్గదు.

చెల్లెలు చేయాల్సిన పని వరుసగా చెబుతాను. ముందు తన సంస్థ నుంచి సభ్యత్వం సక్రమంగా ఉందని, క్రమశిక్షణ చర్యలేమీ లేవని ఉత్తరం తెచ్చుకోవాలి. అది పెట్టి నాస్బాకు దరఖాస్తు చేసి, పరీక్ష రాసి పాసవ్వాలి. అక్కడితో అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అమెరికాలో సీపీఏ లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రం. ఆ బోర్డు చేసిన ఒప్పందం సిఫార్సు లాంటిది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఒక్కో రాష్ట్ర బోర్డు తేల్చుకుంటుంది. పైగా అనుభవం ఎన్నాళ్లు ఉండాలి, దాన్ని ఎవరు ధ్రువీకరించాలి, నైతిక నియమాల పరీక్ష విడిగా రాయాలా అన్నవి కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాబట్టి పరీక్ష కట్టకముందే రాష్ట్రాన్ని ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పాసైన కాగితం చేతిలో పెట్టుకుని, దాన్ని ఒప్పుకునే రాష్ట్రం కోసం వెతుకుతూ కూర్చుంటారు.

అన్నయ్య దారి పొడుగు. ముందు తన డిగ్రీ, సీఏ చదువు అమెరికా లెక్కలో ఎన్ని క్రెడిట్లకు సమానమో మదింపు చేయించుకోవాలి. తర్వాత నాలుగు పేపర్లు. మొదటిది పాసయ్యాక మిగిలినవి పూర్తిచేయడానికి ఇదివరకు 18 నెలల గడువు ఉండేది, ఇప్పుడు చాలా రాష్ట్రాలు 30 నెలలు ఇస్తున్నాయి. పరీక్ష మాత్రం హైదరాబాద్‌లోనే రాసుకోవచ్చు. 2020కి ముందైతే దీని కోసం విమానం ఎక్కాల్సి వచ్చేది.

ఇక్కడ అన్నయ్యకు ఒక ఉపాయం తడుతుంది. ఐసీఏఐకి అమెరికాతో ఒప్పందం లేకపోయినా ఆస్ట్రేలియా సంస్థలతో ఉంది కదా. ముందు ఆ దారిలో ఆస్ట్రేలియా సభ్యత్వం తీసుకుని, చెల్లెలిలాగే ఒక్క పేపరుతో అమెరికా వెళ్లిపోతే? ఇద్దరి చేతుల్లోనూ ఉండేది అదే సంస్థ సభ్యత్వమే కదా!

కుదరదు. ఈ ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది. సభ్యత్వం ఆ సంస్థ సొంత చదువు, సొంత పరీక్షల ద్వారానే వచ్చి ఉండాలి, మూడో దేశంతో ఉన్న ఒప్పందం ద్వారా వచ్చి ఉండకూడదు. కారణం సబబైనదే. అమెరికా బోర్డు పోల్చి చూసింది ఆస్ట్రేలియా సిలబస్‌ను, మన సిలబస్‌ను కాదు. తాను చూడని పరీక్షకు తానెలా పూచీ పడుతుంది? మన పక్షాన కూడా ఇదే లెక్క. ఐసీఏఐ చేసుకున్న ఒప్పందాలు మన పరీక్షలు రాసి సీఏ అయినవాళ్లను ఉద్దేశించినవే. చేతిలో ఏ సభ్యత్వం ఉందన్నది ఎవరూ అడగరు, అది ఎలా వచ్చిందన్నదే అడుగుతారు. ‘ఆస్ట్రేలియా మీదుగా సులువుగా అమెరికా’ అని ఎవరైనా ఆశపెడితే ఈ ఒక్క షరతు చూపమనండి. నా ఉద్దేశంలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మన చట్టంలోనూ మొదటి నుంచీ ఉంది. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టంలో 29వ సెక్షన్ పేరే పరస్పరత. ఏ దేశమైనా భారతీయులను తమ అకౌంటెంట్ల సంస్థలో చేరనివ్వకపోయినా, అన్యాయంగా తేడా చూపినా, ఆ దేశస్తులు మన సంస్థలో సభ్యులు కాలేరని అది చెబుతుంది. విదేశీ అర్హతలను ఏ షరతుల మీద గుర్తించాలో నిర్ణయించే అధికారం కూడా ఆ సెక్షన్‌లోనే సంస్థ కౌన్సిల్‌కు ఉంది. ఒప్పందం పేరులో ‘పరస్పర’ అని ఉన్నది ఊరికే కాదు. నువ్వు తలుపు తీస్తేనే నేను తీస్తాను అన్నది దాని అసలు బేరం.

మన సీఏలకు ఇంకో దారి బాగా తెలుసు, కానీ అది ఈ కోవలోకి రాదు. బ్రిటన్ కేంద్రంగా ఉన్న ఏసీసీఏలో మొత్తం 13 పేపర్లుంటే మన సీఏలకు తొమ్మిది మినహాయిస్తారు, నాలుగు రాయాలి. అది మినహాయింపు. ఇచ్చే సంస్థ తన ఇష్టం మీద ఇస్తుంది, రేపు మార్చనూ వచ్చు, బదులుగా మన సంస్థ ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఒప్పందంలో రెండు వైపులా సంతకాలుంటాయి, గడువుంటుంది, గడువు తీరాక మళ్లీ కూర్చుంటారు. ఈ మధ్యలో ఏ దేశమైనా సిలబస్ మార్చితే రాయాల్సిన పేపర్లూ మారతాయి. ఐదేళ్ల కిందట సీనియర్ చెప్పిన మాట ఇవాళ పనికిరాకపోవడానికి కారణం అదే.

సభ్యత్వం రావడం వేరు, ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేయగలగడం వేరు. ఆస్ట్రేలియాలో సీఏ అయినా కంపెనీ ఆడిట్ చేయాలంటే అక్కడి కంపెనీల నియంత్రణ సంస్థ ఏఎస్‌ఐసీ దగ్గర ఆడిటర్‌గా విడిగా నమోదు కావాలి. రుసుము తీసుకుని జనానికి రిటర్నులు దాఖలు చేయాలంటే టాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డు దగ్గర ఇంకో నమోదు. ఒప్పందం వీటిలో దేన్నీ ఇవ్వదు. వీసా సంగతి సరేసరి, అది ఈ సంస్థల చేతుల్లో లేనే లేదు. రెండు సభ్యత్వాలుంటే రెండు చోట్లా ఏటా చందా కట్టాలి, రెండు చోట్లా నిరంతర శిక్షణ గంటల లెక్క చూపాలి. ఉద్యోగం హైదరాబాద్‌లోనే, పై వాళ్లు సంతకం చేసే పనే అనుకునేవాళ్లు ఈ ఖర్చు ఒకసారి లెక్కేసుకోవడం మంచిది.

మీ ఇంట్లో సీఏ ఉండి రెండో అర్హత గురించి ఆలోచిస్తుంటే, కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టకముందు ఆ విదేశీ సంస్థకే నేరుగా ఒక ఈమెయిల్ రాయమనండి. ‘నేను ఫలానా ఏడాది ఐసీఏఐ పరీక్షలు రాసి సభ్యుడినయ్యాను. ఇప్పుడు అమల్లో ఉన్న ఒప్పందం కింద నాకు అర్హత ఉందా, ఏ పేపర్లు మిగులుతాయి, లైసెన్సు కోసం ఆ తర్వాత ఇంకేం కావాలి?’ అని మూడు ప్రశ్నలు చాలు. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.