సగటు చూసి సర్వర్ తగ్గించొద్దు

ఓ కంపెనీ తన జీతాల సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ క్లౌడ్‌లో `m5.2xlarge` అనే వర్చువల్ మెషీన్ మీద నడుపుతోందనుకుందాం. అందులో 8 సీపీయూలు, 32 జీబీ మెమరీ ఉంటాయి. వాడినా వాడకపోయినా మెషీన్ నడిచిన ప్రతి గంటకూ అద్దె పడుతుంది. సీపీయూ వాడకం సగటున 9 శాతమే కనిపించింది. సగం సైజు మెషీన్ చాలదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తొందరపడితే దెబ్బతినేది ఇక్కడే.

మామూలుగా ఈ క్లౌడ్ 5 నిమిషాలకోసారి లెక్క చూపిస్తుంది. ఆ 5 నిమిషాల్లో సీపీయూ 30 సెకన్లు నూటికి నూరు శాతం, మిగతా సమయమంతా 10 శాతం పనిచేస్తే, తెరపై కనిపించే సంఖ్య 19. ఆ 30 సెకన్లు పేజీ తెరుచుకోక ఇబ్బంది పడ్డవాళ్లు ఈ అంకెలో కనిపించరు. అందుకే కొంచెం అదనంగా చెల్లించైనా నిమిషానికోసారి కొలిచే ఏర్పాటు పెట్టుకోవాలి. రెండు వారాల లెక్కా చాలదు. జీతాల పని నెలాఖరుకే మీద పడుతుంది కాబట్టి కనీసం ఒక పూర్తి నెల చూడాలి. అలా చూస్తే మన కంపెనీలో అత్యధిక వాడకం 35 శాతమని తేలింది. సీపీయూలు 4కు తగ్గిస్తే అదే పని 70 శాతం దాకా వెళ్తుంది. ఇంకా ఊపిరి సలుపుతుంది, ఫర్వాలేదు.

ఇక మెమరీ. మెషీన్ లోపల ఎంత మెమరీ ఖర్చవుతోందో ఈ క్లౌడ్ దానంతటది చెప్పదు. లోపల ఒక చిన్న ఏజెంట్ ప్రోగ్రామ్ పెట్టాలి, లేదా లినక్స్‌లో `free -m` కొట్టి చూడాలి. అక్కడ `free` గడి చూసి కంగారుపడొద్దు. ఖాళీ మెమరీని లినక్స్ ఫైళ్లను దాచుకోవడానికి వాడుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. నిజంగా మిగిలేది `available` గడిలో ఉంటుంది. మన సర్వర్‌లో రద్దీ వేళ అది 11 జీబీ, అంటే 21 జీబీ వాడకంలో ఉంది. సగం సైజు `m5.xlarge`లో 16 జీబీయే ఉంటుంది. అందులోకి మారిస్తే మెమరీ చాలక, సరిగ్గా జీతాల రోజునే లినక్స్ డేటాబేస్‌ను ఆపేసే ప్రమాదముంది.

సరిపోయేది `r5.xlarge`. సీపీయూలు 4, మెమరీ అదే 32 జీబీ. అమెరికాలోని వర్జీనియా ధరల్లో లినక్స్ మెషీన్‌కు గంటకు 0.384 డాలర్ల అద్దె 0.252కు దిగుతుంది. దాదాపు మూడో వంతు ఆదా. మెషీన్ చిన్నదైతే డిస్క్, నెట్‌వర్క్ వేగాల పరిమితి కూడా తగ్గొచ్చు, ఆ గ్రాఫులూ చూసుకోవాలి.

మార్చడానికి సర్వర్‌ను కాసేపు ఆపక తప్పదు కాబట్టి రద్దీ లేని రాత్రి ఎంచుకోండి. తర్వాత ఒక నెలాఖరు గడిచేదాకా పేజీ తెరుచుకునే సమయాన్ని పాత లెక్కతో పోల్చండి. పెరిగిందంటే, అదే పద్ధతిలో పాత సైజుకు వెనక్కి వెళ్లండి. బిల్లు తగ్గడం ఒక్కటే చాలదు. జీతాల రోజున పేజీ ఎప్పటిలాగే తెరుచుకుంటేనే ఆ ఆదా నిజమైనది.