అరవై రెండు రూపాయల టైలు నూట నలభై రెండు ఎలా అయింది

కిందటేడాది తెనాలిలో అమ్మావాళ్ల హాలుకి టైల్స్ వేయించాం. షాపులో చదరపు అడుగు ధర అడిగి, హాలు వైశాల్యంతో గుణించి, మేస్త్రి కూలి కలిపి నేనిక్కడ డాలస్ నుంచి డబ్బు పంపేశాను. పని అయిపోయింది, బాగుందని అమ్మ ఫోన్లో చెప్పింది. డిసెంబరులో వెళ్లి చూస్తే టీవీ ముందు రెండు వరుసలు మిగతా నేల కంటే ఒక పిసరు పచ్చగా కనిపించాయి. ఏంటని అడిగితే అమ్మ మాట దాటేసింది. చెల్లెలు చెప్పింది అసలు సంగతి. టైల్స్ చాలక మధ్యలో పని ఆగిందట. రెండు పెట్టెలు మళ్లీ తెచ్చారట, అదే మోడలే కానీ షేడ్ వేరు. పంపిన డబ్బూ చాలకపోతే అమ్మ చిట్టీ పాడి కట్టేసిందట. "దూరాన ఉన్న పిల్లని మాటిమాటికీ ఏం అడుగుతాం" అందట.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. లెక్క తప్పింది నాది, చిట్టీ వాయిదాలు కట్టింది అమ్మ. ఈ ఏడు వాళ్ల పడగ్గదికి వేయించాలనుకున్నప్పుడు మాత్రం రూపాయి పంపకముందే కాగితం తీసుకుని కూర్చున్నాను.

గది పదడుగులకి పన్నెండు. నూట ఇరవై చదరపు అడుగులు. రెండడుగుల చదరం విట్రిఫైడ్ టైలు, అడుగు 62 రూపాయలు. "ఒక టైలు నాలుగడుగులు కదమ్మా, ముప్పై టైల్స్ పడతాయి, ఇంకో రెండు ఎక్స్‌ట్రా వేసుకోండి, ఎనిమిది పెట్టెలు" అన్నాడు షాపతను. వినడానికి ఎంత సాఫీగా ఉందో! తప్పు అక్కడే మొదలవుతుంది.

మనం రెండడుగుల టైలు అని పిలిచేది నిజానికి 60 సెంటీమీటర్లది. రెండడుగులంటే దాదాపు 61. తేడా ఒక్క సెంటీమీటరే అనిపిస్తుంది కానీ, టైలు వైశాల్యం నాలుగడుగులు కాదు, 3.875 అడుగులు. నాలుగు టైల్స్ ఉండే పెట్టె 16 అడుగులు కాదు, పదిహేనున్నర. అంటే ఒక్క ముక్క కూడా వృథా కాకపోయినా నూట ఇరవై అడుగులకి ముప్పై టైల్స్ చాలవు. అందుకే షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న అడుగు ఎంత అని కాదు, పెట్టె ఎంత అని. అమ్మ అడిగితే బిల్లులో పెట్టెకి 16 అడుగులు వేస్తామన్నారు. పదిహేనున్నరకే వేయమని పట్టుబట్టి పెట్టె 961 రూపాయలకి ఒప్పించింది. పన్ను కలిపే ఆ ధర అని రాయించుకుంది కూడా. మా అమ్మ కూరగాయల బేరం సంగతి తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యమేమీ కాదు.

రెండో సంగతి కోత. వేస్టేజీ పది శాతం వేసుకోండి అని అందరూ అంటారు. పది శాతం అన్నది ఏ గదికీ నిజం కాదు. ఒక గదికి మూడు శాతం చాలు, ఇంకో గదికి ముప్పై కావాలి. గది కొలతని టైలు కొలతతో భాగిస్తే చివర ఎంత మిగులుతుందన్నదే దాన్ని తేలుస్తుంది. మా గది పదడుగులు, అంటే దాదాపు 305 సెంటీమీటర్లు. సందులతో కలిపి ఐదు టైల్స్ 301 సెంటీమీటర్లు తీసుకుంటాయి. చివర గోడ పక్కన నాలుగు సెంటీమీటర్ల కంత. పన్నెండడుగుల వైపు చూస్తే ఆరు టైల్స్ తర్వాత నాలుగున్నర సెంటీమీటర్లు. స్కర్టింగ్ దాచేది మహా అయితే ఒక సెంటీమీటరు. నాలుగు సెంటీమీటర్ల రిబ్బను ముక్కలు కోస్తుంటేనే విరుగుతాయి, అతికించినా గుమ్మంలోంచి చూడగానే అవే కనిపిస్తాయి.

మంచి మేస్త్రి అయితే ఇలాంటిచోట ఒక పూర్తి వరుస తీసేసి, ఆ మిగులుని రెండు గోడలకీ సమానంగా పంచుతాడు. అప్పుడు అటూ ఇటూ 32 సెంటీమీటర్ల ముక్కలు వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది కానీ 32 అంటే టైలులో సగానికి మించి. ఒక టైలు నుంచి అలాంటి ముక్క ఒక్కటే వస్తుంది, మిగిలిన 27 సెంటీమీటర్లు పక్కన పడతాయి. నాలుగు గోడలకీ అలా చేస్తే మా గదికి 42 టైల్స్ కావాలి. షాపతని ముప్పై ఎక్కడ, ఈ 42 ఎక్కడ!

గళ్ల కాగితం మీద గది గీసి నేనూ అమ్మా వీడియో కాల్‌లో మధ్యేమార్గం వెతికాం. పన్నెండడుగుల వైపు రెండు చివరలా 32 సెంటీమీటర్ల ముక్కలు. పదడుగుల వైపు ఐదు పూర్తి టైల్స్ వేసి, ఆ నాలుగు సెంటీమీటర్ల పీలికని బీరువా, మంచం తలవైపు ఉండే గోడకి నెట్టేయడం. ఇలా లెక్కేస్తే పూర్తి టైల్స్ 25, కోతవి 10, మొత్తం 35. ఆ పది కోతల్లో మిగిలిన 27 సెంటీమీటర్ల తునకల్లోంచే బీరువా వెనక పీలికలు వచ్చేస్తాయి. మిగతా తునకలని నాలుగంగుళాల పట్టీలుగా కోస్తే స్కర్టింగ్ అవుతుంది. గుమ్మం తీసేస్తే గది చుట్టూ 41 అడుగులు. తునకలు దాదాపు సరిపోయాయి, ఇంకొక్క టైలు కలిపితే చాలు. మొత్తం 36. సరిగ్గా తొమ్మిది పెట్టెలు. దారిలో, కోతలో విరిగేవాటికి ఇంకో పెట్టె కలిపి పది కొన్నాం. నిలువుగా గీతలున్న చెక్క డిజైనో, పాలరాయి నరాల డిజైనో అయితే మాత్రం తునకలని ఇలా తిప్పి వాడుకోలేం. గీతల దిశ కలవదు. అప్పుడు ఖర్చు మళ్లీ పెరుగుతుంది.

పది పెట్టెలకి 9,610 రూపాయలు. నూట ఇరవైతో భాగిస్తే అడుగుకి 80. షాపులో విన్న 62 గది నేల మీదికి వచ్చేసరికి 80 అయింది, ఇంకా ఒక్క టైలు కూడా అతకలేదు.

ఇక అతికించేది. మా చిన్నప్పుడు సిమెంటు పాలు పోసి టైల్స్ పరిచేవాళ్లు. విట్రిఫైడ్ టైలు నీళ్లని దాదాపు పీల్చుకోదు. అందుకే సిమెంటు పాలు దాని వెనకభాగంలోకి దిగి పట్టుకోలేవు, కొన్నాళ్లకి అడుగు వేస్తే డొల్ల శబ్దం వస్తుంది. దీనికి టైల్ గమ్ము అని పిలిచే అడ్హెసివ్ వాడాలి. ఇరవై కిలోల బస్తా యాభై అడుగులకి వస్తుందని అంటారు. అబద్ధమేమీ కాదు, కానీ అది మూడు మిల్లీమీటర్ల పొరకి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందాన పూస్తే ఒక లీటరు ముద్ద, దానికి దాదాపు కిలోన్నర పొడి. మా గది పదకొండు చదరపు మీటర్లు చిల్లర. మూడు మిల్లీమీటర్లయితే యాభై కిలోలు, అంటే రెండున్నర బస్తాలు. పొర రెట్టింపైతే బస్తాలూ రెట్టింపే.

పొర ఎంత పడుతుందో నేల చెబుతుంది. కింద పాత గచ్చు. అమ్మ మేస్త్రి దగ్గర ఆరడుగుల అల్యూమినియం పట్టీ అడిగి తీసుకుని నేల మీద పెట్టింది. గది మధ్యలో పట్టీ కింద వెలుతురు కనిపించింది. ఆ సందులో నాణేలు ఒకదాని మీద ఒకటి దూర్చి, తీసి, నా పాత స్కూలు స్కేలుతో కొలిచింది. ఆరు మిల్లీమీటర్లు, కొన్నిచోట్ల ఇంకాస్త. సగటున ఆరు వేసుకుని ఐదు బస్తాలు తెప్పించాం. బస్తా 480 చొప్పున 2,400. అడుగుకి ఇరవై.

ఇక్కడ మేస్త్రులు చేసే పొదుపు ఒకటుంది. పళ్లున్న తాపీతో నేలంతా పూయకుండా, టైలు వెనక ఐదు ముద్దలు పెట్టి అదిమేస్తారు. బస్తాలు మిగులుతాయి, పని తొందరగా అవుతుంది. కానీ ముద్దల మధ్య అంతా ఖాళీ. బీరువా కాలు ఆ ఖాళీ మీద పడితే టైలు పగులుతుంది. అమ్మ మొదటి రోజు వేసిన మూడో టైలుని ఆరకముందే పైకి లేపమంది. మేస్త్రి కాస్త నొచ్చుకున్నాడు. వెనక చూస్తే అంచుల దాకా అంటలేదు. "పెద్దమ్మగారు ఇంజనీరు లాగున్నారే" అని నవ్వి, ఆ తర్వాత నేల మీదా టైలు వెనకా కూడా పూసి వేశాడు. పని అయ్యాక మూలమూలనా రూపాయి బిళ్లతో కొట్టి వింది. రెండు చోట్ల డొల్లగా వినిపిస్తే తీసి మళ్లీ వేయించింది.

కూలి అడుగుకి 28. ఇది నేల కొలత మీదా, కొన్న టైల్స్ కొలత మీదా అన్నది ముందే తేల్చుకోవాలి. మా గదికి 120కీ 155కీ తేడా దాదాపు వెయ్యి రూపాయలు. నేల కొలత మీదే అని ఒప్పుకున్నాడు, పాత గచ్చుకి పట్టు కోసం గాట్లు పెట్టడం కూడా అందులోనే. స్కర్టింగ్ మాత్రం వేరు, నిడివి అడుగుకి 12. పై అంచు నునుపు చేయడం దాంట్లోనే కలిసింది. రెండూ కలిపి 3,852, అంటే అడుగుకి 32.

చివర్న ఎవరూ చెప్పని చిల్లర. సందుల్లో నింపే పొడి 150, ఆటో, మోత 400. ఇంకొకటి హాలు అప్పుడే నేర్చుకున్నాం. టైలు మందం, గమ్ము పొర కలిసి నేల సెంటీమీటరున్నర లేస్తుంది, తలుపు తెరుచుకోదు. వడ్రంగిని పిలిచి తలుపు అడుగు కోయించడానికి 600.

మొత్తం 17,012 రూపాయలు. అడుగుకి దాదాపు 142. పాత పద్ధతిలో 62కి 28 కలిపి 90 వేసుకుని ఉంటే 10,800 పంపి చేతులు దులుపుకునేదాన్ని. మిగతా ఆరు వేల చిల్లర ఎక్కడి నుంచి వచ్చేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

షాపు నుంచి టైల్స్ దింపగానే అమ్మ చేసిన మొదటి పని, పది పెట్టెల మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూడడం. ఒక పెట్టె వేరేది వచ్చింది. ఆటో వెళ్లకముందే వెనక్కి ఇచ్చి మార్పించింది.

దారిలో ఒక టైలు, గుమ్మం దగ్గర కోతలో ఒకటి విరిగాయి. రెండు మిగిలాయి. వాటిని గోనెపట్టాలో చుట్టి మంచం కింద పెట్టి, పెట్టె మీది నంబరు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపింది. కింద వాయిస్ మెసేజ్: "వంటగది ఎప్పుడు చేయిద్దామే? ఈసారి కాగితం నేనే గీస్తాను, నువ్వు చూసి చెప్పు."