ఒకే దుకాణం, నాలుగు పసుపులు

గానుగ నూనెల వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. సీసా మీది లేబుల్ ఊళ్లోని డీటీపీ సెంటర్‌లో వేయించారు. గుమ్మం ముందు కట్టిన ఫ్లెక్సీ ఇంకొకరు కొట్టారు. విజిటింగ్ కార్డులు పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులో తయారయ్యాయి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే పండగ ఆఫర్లు మాత్రం ఇంట్లో అమ్మాయి ఫోన్లోనే కాన్వాలో చేసేస్తుంది. ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూడండి. నాలుగు రకాల పసుపు కనిపిస్తుంది. దుకాణం పేరు ఒకచోట లావు అక్షరాల్లో, మరోచోట సన్నగా, ఇంకోచోట కలంతో రాసినట్టు వంపులతో ఉంటుంది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఎవరికి వారు మన పసుపు ఇదేననుకునే వేశారు. ఏది మన పసుపో ఎక్కడా రాసి పెట్టి లేదంతే.

అలా రాసి పెట్టుకునే చోటుకే కాన్వాలో Brand Kit అని పేరు. కాన్వా తెరవగానే ఎడమవైపు పట్టీలో Brand అని ఉంటుంది. దాన్ని నొక్కితే లోగోలు, రంగులు, ఫాంట్లు పెట్టుకునే అరలు వస్తాయి. వంటింట్లో పోపుల పెట్టె లాంటిదే ఇది. ఒకసారి నింపి పెట్టుకుంటే ఏ పోస్టరు మొదలుపెట్టినా మన దినుసులన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. అయితే ఉచిత ఖాతాకు పరిమితి ఉంది. అందులో మూడు రంగుల వరకే దాచుకోవచ్చు. లోగోలు, ఫాంట్లు కూడా కిట్‌లో పెట్టుకోవాలంటే డబ్బు కట్టి ప్రో తీసుకోవాలి. డబ్బు కట్టకుండా ఎలా నెట్టుకురావచ్చో తర్వాత చెబుతాను. నిజానికి చిన్న దుకాణానికి మూడు రంగులు చాలు. పది రంగులు పెట్టుకున్నవాళ్లకు అసలు కిట్ ఉండీ లేనట్టే.

రంగును పేరుతో కాక అంకెతో పట్టుకోవాలి. ఆవపిండి పసుపు అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి తోస్తుంది. `#E0A526` అని రాస్తే ఎక్కడ కొట్టినా అదే రంగు వస్తుంది. దీన్ని హెక్స్ కోడ్ అంటారు. కిట్‌లో రంగుల అర దగ్గర ప్లస్ గుర్తు నొక్కి ఈ కోడ్ టైపు చేస్తే చాలు. మన నూనెల దుకాణానికి ఈ పసుపుతో పాటు ముదురు గోధుమరంగు `#4A2511`, మీగడ తెలుపు `#FFF7E6` తీసుకుందాం. మూడూ ఒకదాని పక్కన ఒకటి ముచ్చటగానే ఉంటాయి. అయితే అందం చూసుకుని ఊరుకోకూడదు, చదవడానికి వీలుందో లేదో కూడా చూడాలి. అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య వెలుతురు తేడాను ఒక నిష్పత్తిగా లెక్కగడతారు. మామూలు సైజు అక్షరాలకు అది కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మీగడ తెలుపు మీద గోధుమరంగు అక్షరాలకు అది 12 దాటుతుంది. పసుపు మీద గోధుమరంగుకు 6 దాకా వస్తుంది. మీగడ తెలుపు మీద పసుపు అక్షరాలకైతే 2 దగ్గరే ఆగిపోతుంది. అంటే మన దుకాణంలో పసుపు నేలగా పనికొస్తుంది, గీతగా పనికొస్తుంది, తెల్లని నేల మీద అక్షరంగా మాత్రం పనికిరాదు. ధర, ఫోన్ నంబరు ఎప్పుడూ గోధుమరంగులోనే. మూడు రంగులు దాచుకోవడంతో సరిపెట్టుకోకుండా వాటిలో ఏది దేనికో కూడా తేల్చుకుంటేనే కిట్ పని పూర్తయినట్టు.

పాత లేబుల్‌లోని రంగే కావాలంటే కోడ్ ఎక్కడినుంచి తీయాలి? చాలామంది వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను కాన్వాలోకి ఎక్కించి, రంగును పీల్చే ఐడ్రాపర్‌తో దాని మీద నొక్కుతారు. నాలుగు పసుపుల కథ ఇక్కడే మళ్లీ మొదలవుతుంది. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. కుదించినప్పుడు అంచుల దగ్గర రంగులు ఒకదాంట్లోకి ఒకటి కొద్దిగా కారతాయి. ఒకే పసుపు మీద రెండుచోట్ల నొక్కితే రెండు కోడ్‌లు వస్తున్నాయంటే ఆ బొమ్మ పనికిరాదనే అర్థం. మొదట డిజైన్ చేసినవారి దగ్గర అసలు ఫైలు అడిగి, వాట్సాప్‌లోనే పంపినా డాక్యుమెంట్‌గా పంపమనండి.

లోగోకూ ఇదే మాట వర్తిస్తుంది. SVG ఫైలు దొరికితే మేలు, ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు. అది లేకపోతే వెనక నేల లేని PNG కావాలి. JPG తెస్తే గోధుమరంగు పోస్టరు మీద లోగో చుట్టూ తెల్ల డబ్బా అతుక్కుని కనిపిస్తుంది. కిట్‌లో ఒక్క లోగో పెట్టి ఊరుకోకండి. పేరుతో సహా పూర్తి లోగో ఒకటి, వాట్సాప్ డీపీలోని గుండ్రని చోట ఇమిడే గుర్తు ఒకటి, ముదురు నేల మీద వాడటానికి ఒకే లేత రంగులో ఇంకొకటి ఉండాలి. పక్కమాటగా ఒకటి చెప్పుకోవాలి. కాన్వాలోనే ఉన్న రెడీమేడ్ బొమ్మతో లోగో చేసుకుంటే దాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవడం కుదరదు. ఆ బొమ్మ మీద హక్కు మీ ఒక్కరిదే కాదు, అదే గానుగ బొమ్మను రేపు పక్క వీధి దుకాణమూ వాడుకోవచ్చు. ఫాంట్లు, మామూలు గీతలు, ఆకారాలతో చేసుకున్నదానికి ఈ ఇబ్బంది లేదు.

తెలుగువాళ్లకు అసలు చిక్కు ఫాంట్ల దగ్గర వస్తుంది. కిట్‌లో టైటిల్‌కు ఒకటి, హెడింగ్‌కు ఒకటి, మామూలు మాటలకు ఒకటి అని ఫాంట్లు పెట్టుకునే వీలుంది. వీడియోల్లో చెప్పినట్టు మనవాళ్లు మోంట్‌సెరాట్, పాపిన్స్ లాంటివి ఎంచుకుంటారు. వాటిలో తెలుగు అక్షరాలు లేవు. అయినా తెలుగు టైపు చేస్తే తెర మీద తెలుగే కనిపిస్తుంది. పైన పెట్టెలో ఫాంట్ పేరు మోంట్‌సెరాట్ అనే ఉంటుంది. నిజానికి ఆ తెలుగు అక్షరాలను కాన్వా వేరే ఫాంట్‌ నుంచి అరువు తెచ్చి పెడుతుంది. అది మీరు ఎంచుకున్నది కాదు. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. తెలుగు పేరును ఎంచుకుని ఫాంట్‌ను మోంట్‌సెరాట్ నుంచి పాపిన్స్‌కు మార్చండి. ఇంగ్లిష్ అక్షరాలు మారి, తెలుగు అక్షరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటే ఆ రెండింటిలోనూ తెలుగు లేదన్నమాట.

కాబట్టి మొదట తెలుగు ఫాంట్ తేల్చుకుని, ఇంగ్లిష్‌ను దాని వెనక నడిపించాలి. ఇంకా సుఖమైన దారి, రెండు లిపులూ ఉన్న ఒకే కుటుంబం తీసుకోవడం. అనెక్ తెలుగు అలాంటిది. సన్నటి నుంచి బాగా లావు దాకా బరువులున్నాయి, ఇంగ్లిష్ అక్షరాలూ అదే పోలికలో ఉంటాయి. దుకాణం పేరుకు లావుది, మిగతా మాటలకు మామూలుది పెట్టుకుంటే రెండో ఫాంట్ అవసరమే రాదు. పాతకాలపు అంగడి బోర్డులా బరువుగా కావాలంటే రామభద్ర ఉంది, కానీ దానికి ఒకే బరువు. చిన్న అక్షరాల్లో పదార్థాల వివరాలు రాయడానికి అది పనికిరాదు, పక్కన మండలి లాంటిదో నోటో సాన్స్ తెలుగో పెట్టుకోవాలి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కాన్వా జాబితాలో కనిపించకపోతే ప్రో ఖాతాలో మనమే ఎక్కించుకోవచ్చు. అనెక్ దింపుకున్నప్పుడు జిప్ ఫైలు లోపల `static` అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లోంచి రెగ్యులర్, బోల్డ్ ఫైళ్లు ఎక్కించండి.

ఫాంట్ ఖాయం చేసే ముందు అ ఆ ఇ ఈ టైపు చేసి చూస్తే ఏమీ తెలియదు. మీ సరుకు పేర్లే టైపు చేయాలి. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, శుద్ధమైన, స్వచ్ఛమైన, శ్రీ. వీటిలో ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయా, చ్ఛ చిన్న సైజులో నల్లటి ముద్ద కాలేదు కదా అని చూడాలి. రెండు వరుసలు టైపు చేసి వరుసల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. ఇంగ్లిష్ హెడింగ్‌లకు అలవాటైన బిగుతులో పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది.

డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన పాత మేటరును కాన్వాలో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం వస్తుంది. అది కాన్వా లోపం కాదు. ఆ మేటరు అను ఫాంట్‌లో టైపయి ఉంటుంది, అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో వేసి మార్చుకుని, ఒకసారి అక్షరం అక్షరం చదువుకోవాలి. నాలుగు పంక్తులే అయితే మళ్లీ టైపు చేసుకోవడమే నయం.

ఇక డబ్బు కట్టనివారి సంగతి. మూడు రంగులూ కిట్‌లో ఉంటాయి. లోగోలను మామూలు బొమ్మల్లాగే Uploads లోకి ఎక్కించుకోండి. కాన్వా జాబితాలో ఉచితంగా ఉన్న తెలుగు ఫాంట్ ఒకటి ఎంచుకోండి. తర్వాత ఒక డిజైన్ తెరిచి మొదటి పేజీలో స్టేటస్ సైజు పోస్టరు వేసి, రెండో పేజీలో మూడు లోగోలూ, రంగుల కోడ్‌లూ, ఫాంట్ పేర్లూ, ఏ రంగు దేనికన్నదీ రాసి పెట్టండి. కొత్త ఆఫర్ వచ్చిన ప్రతిసారీ ఖాళీ పేజీతో మొదలుపెట్టకుండా దీనికే Make a copy కొట్టి మాటలు మార్చడమే. పాత పోస్టరులో పరాయి పసుపు ఉంటే దాని మీద నొక్కి కిట్‌లోని పసుపు ఎంచుకోండి. అప్పుడు కింద వచ్చే Change all నొక్కితే ఆ డిజైన్‌లో ఆ రంగున్న చోటల్లా మారిపోతుంది. మిగతా పాత డిజైన్లను మాత్రం ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి.

అచ్చుకు వెళ్లేసరికి ఇంకో మలుపు ఉంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో కాగితం మీద వేస్తుంది. మెరిసే ఆకుపచ్చలు, నియాన్ నారింజలు కాగితం మీద వాడిపోతాయి. మన గోధుమరంగుకు ఆ బెడద తక్కువ. PDF Print గా దింపుకునేటప్పుడు ప్రోలో CMYK ఎంచుకునే వీలుంది. అయినా రంగు తేడా పూర్తిగా పోతుందనుకోవద్దు. ప్రెస్సు వాళ్లు ఫైలును కోరల్‌డ్రాలో తెరిస్తే తెలుగు ఒత్తులు చెదిరి, వాళ్లు తమ దగ్గరున్న ఫాంట్‌లో పేరు మళ్లీ టైపు చేసేయడం మామూలే. అందుకే Flatten PDF గుర్తు పెట్టి దింపిన ఫైలే ఇవ్వండి, అక్షరాలు బొమ్మగా మారిపోతాయి కాబట్టి ఎవరూ కదిలించలేరు. మొత్తం అచ్చు వేయించే ముందు ఒక్క లేబుల్ తీయించి, సీసాకు అతికించి, పగటి వెలుగులో చూడండి. నచ్చితే అదే లేబుల్ ఇంకో కాపీని దాచుకుని, తర్వాత ఫ్లెక్సీ ఇచ్చినా కార్డులు ఇచ్చినా ఫైలుతో పాటు పంపి, దీనికి రంగు కలపమని చెప్పండి.