మీకు తెలుసా? కళ్ల ముందు వెలుగు గీతలు కనిపించేవారికి ఈస్ట్రోజెన్ మాత్ర వద్దు

మైగ్రేన్ తలనొప్పి మొదలయ్యే ముందు కొందరికి చూపు మధ్యలో చిన్న మచ్చ పుడుతుంది. చదువుతున్న మాటలో ఒకటి రెండు అక్షరాలు మాయమైనట్టు ఉంటుంది. కాసేపటికి ఆ మచ్చ అంచున వంకరటింకర వెలుగు గీతలు మిలమిలలాడుతూ మెల్లగా పక్కకు పాకుతాయి. కొందరికి చేతివేళ్లలో తిమ్మిరి మొదలై మోచేతి మీదుగా పెదాల దాకా వస్తుంది, మరికొందరికి మాట తడబడుతుంది. చాలామందికి అరగంటలో, మహా అయితే గంటలో ఇదంతా సర్దుకుంటుంది. ఆ తర్వాత తలనొప్పి పట్టుకుంటుంది. ఈ ముందస్తు లక్షణాలనే వైద్యులు ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి ఇది వస్తుంది.

ఆరా వచ్చే స్త్రీ ఏ వయసులో ఉన్నా ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్ర వాడకూడదని మీకు తెలుసా? ఎవరికి ఏ గర్భనిరోధకం పనికొస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు తరగతులుగా విభజించింది. నిశ్చింతగా వాడదగ్గది ఒకటో తరగతి, అసలు వాడకూడనిది నాలుగోది. ఆరాతో కూడిన మైగ్రేన్‌కు ఈస్ట్రోజెన్ మాత్ర నాలుగో తరగతిలోనే ఉంది. ఈస్ట్రోజెన్ ఉన్న చర్మం పట్టీకి, యోని రింగుకు కూడా ఇదే నిషేధం.

కారణం పక్షవాతం. చాలా మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ రకం ఈథినైల్ ఈస్ట్రడయాల్. ఇది కాలేయం మీద పనిచేసి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే పదార్థాలను పెంచుతుంది, గడ్డకట్టకుండా ఆపేవాటిలో కొన్నిటిని తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పడుచు స్త్రీకి దీనివల్ల వచ్చే అదనపు ముప్పు చాలా చిన్నది. ఆరా వచ్చేవారికి మాత్రం, ఏ మాత్రా వాడకపోయినా, మెదడు రక్తనాళాల్లో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చే అవకాశం ముందే కాస్త ఎక్కువ. ఈ రెండూ కలిసినప్పుడు ముప్పు బాగా పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో 2017లో యూరప్ తలనొప్పి నిపుణులు, గర్భనిరోధక నిపుణులు కలిసి అంచనా వేశారు. 20 నుంచి 44 ఏళ్ల స్త్రీలను లక్ష మందిని తీసుకుంటే, మైగ్రేన్ లేక, హార్మోన్ గర్భనిరోధకాలు వాడనివారిలో ఏడాదికి ఇద్దరు ముగ్గురికి ఇలాంటి పక్షవాతం వస్తుంది. ఆరా మాత్రమే ఉన్నవారిలో ఆరుగురికి వస్తుంది. ఆరా ఉండి హార్మోన్ గర్భనిరోధకం కూడా వాడేవారిలో 37 మందికి. ఈ లెక్కల్లో పాతకాలపు ఎక్కువ మోతాదు మాత్రలు వాడినవారూ ఉన్నారు కాబట్టి వీటిని అంచనాలుగానే చూడాలి. లక్షలో 37 అంటే మాత్ర మింగిన ప్రతి ఒక్కరికీ ఆపద అని కాదు. కానీ ముప్పై ఏళ్ల మనిషి కుడిచేయి పడిపోతే ఆ ఇల్లు ఏమవుతుందో మనకు తెలుసు. అంతే బాగా పనిచేసే వేరే దారులు ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి ముప్పు మాత్రం ఎందుకు భరించాలి? పొగతాగే అలవాటో, బీపీయో తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఎక్కువమందికి ట్యూబెక్టమీ ఆపరేషనే. పిల్లలు పుట్టకుండా రోజూ మాత్ర మింగేవారు తక్కువ. అందుకే చాలామంది ఈ హెచ్చరిక మనకు కాదులే అనుకుంటారు. నిజానికి మన ఆడపిల్లల ఒంట్లోకి ఈస్ట్రోజెన్ వేరే పేర్లతో వస్తోంది. పీసీఓడీకి, మొటిమలకు, నెలసరి క్రమం తప్పినందుకు రాసే 21 మాత్రల స్ట్రిప్పుల్లో చాలావాటిలో ఉండేది గర్భనిరోధక మాత్రలోని మందే. సైప్రోటిరాన్, డ్రోస్పైరినోన్ లాంటి పేర్ల పక్కన ఈథినైల్ ఈస్ట్రడయాల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెళ్లికాని అమ్మాయి అది ‘పీరియడ్స్ మాత్ర’ అనే అనుకుంటుంది. ‘గర్భనిరోధక మాత్రలు వాడుతున్నావా’ అని అడిగితే లేదనే చెబుతుంది. ఆమె అబద్ధమేమీ చెప్పడం లేదు.

రెండో దారి ఇంకా తెలియనిది. తిరుమల ప్రయాణం, గృహప్రవేశం, చెల్లెలి పెళ్లి అంటూ నెలసరి వాయిదా వేసుకోవడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర సాధారణంగా నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాములు. రోజుకు రెండో మూడో వేసుకుంటారు. ఇది ప్రొజెస్టిరాన్ తరహా మందే, స్ట్రిప్పు మీద ఈస్ట్రోజెన్ పేరు కూడా ఉండదు. కానీ ఒంట్లోకి వెళ్లాక ఇందులో కొద్ది భాగం ఈథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ మాత్ర మింగినంత పని కావచ్చని బ్రిటన్ నిపుణుల అంచనా. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉండేది 30 మైక్రోగ్రాములే. ఆరా వచ్చేవారు ఈ మాత్రను సొంతంగా కొనుక్కోకూడదు. వాయిదా తప్పనిసరి అయితే ఈస్ట్రోజెన్‌గా మారని మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ లాంటి మందు ఉంది, దాన్ని వైద్యులను అడిగి వాడుకోవచ్చు.

అసలు వచ్చేది ఆరాయేనా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. తలనొప్పి వేళ వెలుతురు భరించలేకపోవడం, రెండు కళ్లూ కాస్త మసకబారడం ఆరా కాదు, అవి మామూలు మైగ్రేన్‌లోనూ ఉంటాయి. ఆరా మెల్లగా పెరుగుతుంది, ఒకచోట పుట్టి పాకుతుంది. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు వచ్చిన ఆరాను కాగితం మీద ఎప్పటికప్పుడు గీసుకుని, మెదడు పొర మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోందని 1941లో లెక్కగట్టాడు. మూడేళ్లకు అరిస్టైడిస్ లియావ్ అనే బ్రెజిల్ పరిశోధకుడు కుందేళ్ల మెదడులో సరిగ్గా అలాంటి అలనే చూశాడు. ఆ అల పాకే తీరే మనకు గుర్తు. పక్షవాతం అలా నెమ్మదిగా రాదు. చూపో, చెయ్యో, మాటో ఉన్నట్టుండి ఒక్కసారిగా పోతుంది. మొదటిసారి ఇలాంటి లక్షణం వచ్చినా, గంట దాటినా, ఒక వైపు కాలూచెయ్యీ బలహీనపడినా ఇంట్లో పడుకుని చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి ఆరా వచ్చేవారికి ఏది మంచిది? ఒక ఉదాహరణ చూద్దాం. ఆమెకు 29 ఏళ్లు, మూడేళ్ల పాప ఉంది. రెండో బిడ్డకు ఇంకా నాలుగేళ్లు ఆగాలనుకుంటోంది. ఏడాదిగా ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకుంటోంది. ఈ మధ్య రెండుసార్లు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వెలుగు గీతలు కనిపించి, ఆపై తలనొప్పి వచ్చింది. మాత్ర వాడుతుండగా ఆరా కొత్తగా మొదలైందంటే, స్ట్రిప్పు అయిపోయేదాకా చూడకుండా అక్కడితో ఆపేసి వైద్యులను కలవాలి. ఈలోగా కండోమ్ వాడుకోవాలి. వైద్యురాలు బీపీ చూస్తారు, పొగ అలవాటు, ఇంట్లో చిన్న వయసులో పక్షవాతం వచ్చినవారి సంగతి అడుగుతారు.

ఆరా ఉన్నవారికి మొదట చెప్పేది కాపర్ టి. అందులో హార్మోన్ అసలే లేదు, ఒకటో తరగతిలో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐదేళ్లది, పదేళ్లది రెండూ ఉచితంగా వేస్తారు. అయితే ఈమెకు నెలసరిలో రక్తస్రావం ముందే ఎక్కువ, హిమోగ్లోబిన్ 9. కాపర్ టితో స్రావం ఇంకా పెరగవచ్చు. కాబట్టి ఈమెకు లెవోనార్జెస్ట్రెల్ ఉన్న హార్మోన్ లూప్ నప్పుతుంది. అది ప్రొజెస్టిరాన్ తరహా మందును గర్భసంచిలోనే కొద్దికొద్దిగా వదులుతుంది, నెలసరి స్రావాన్ని బాగా తగ్గిస్తుంది. మొదటి కొన్ని నెలలు మరకలు కనిపిస్తే భయపడనక్కర్లేదు. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకుంటే చాలు.

లూప్ ఇష్టం లేనివారికి డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్ర ఉంది. ఇందులో ఈస్ట్రోజెన్ ఉండదు. విరామం లేకుండా రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, 12 గంటలకు మించి ఆలస్యమైతే రక్షణ తగ్గుతుంది. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌లోనూ ఈస్ట్రోజెన్ లేదు. కానీ ఆపేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, కాబట్టి త్వరలో బిడ్డను కోరుకునేవారు ఆలోచించుకోవాలి. ప్రొజెస్టిరాన్ తరహా మందులు పక్షవాతం ముప్పును పెంచినట్టు చాలా పరిశోధనల్లో కనిపించలేదు. అయినా వాటిని వాడుతుండగా ఆరా కొత్తగా వచ్చినా, ఎక్కువైనా మళ్లీ వైద్యులకు చూపించుకోవాలి. లక్నో పరిశోధనాలయంలో పుట్టిన వారానికోసారి మాత్ర ఛాయాలో కూడా ఈస్ట్రోజెన్ లేదు. కానీ ఆరా ఉన్నవారిలో దాని మీద పరిశోధన తక్కువ. నా మాటగా చెప్పాలంటే, కాపర్ టి గానీ హార్మోన్ లూప్ గానీ కుదిరేవారికి మొదటి ఎంపిక అవే కావాలి.

మైగ్రేన్ రాకుండా టోపిరమేట్ వాడుతున్నవారు ఇంకో విషయం చూసుకోవాలి. ఆ మందు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించగలదు, పైగా గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేయగలదు. కాబట్టి వారికి డెసోజెస్ట్రెల్ మాత్ర కూడా నమ్మదగింది కాదు. కాపర్ టికి, హార్మోన్ లూప్‌కు ఆ ఇబ్బంది లేదు.

మీకో, మీ అమ్మాయికో ఇలాంటి వెలుగు గీతలు కనిపిస్తుంటే, పీసీఓడీకి వెళ్లినా, నెలసరి వాయిదాకు వెళ్లినా, వైద్యులు అడగకపోయినా ఆ మాట మీరే ముందుగా చెప్పండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పు వెనక ఈథినైల్ ఈస్ట్రడయాల్ అన్న పేరు ఉందేమో ఈరోజే చూసుకోండి.