బోర్డు తీసేస్తే వెనక ఏముంది?

విజయవాడ వన్ టౌన్‌లో ఒక పాత మేడ ఉంది. రెండంతస్తులు, సున్నపు గోడలు, పైన ఇనుప కమ్మీల వరండా. కింద మొబైల్ దుకాణం. దాని ఫ్లెక్సీ బోర్డు వరండా సగాన్ని మింగేసింది. ఫొటో తీసి ఇంటికొచ్చాక ఆ బోర్డు లేకపోతే ఎంత బాగుండేదో అనిపించింది. ఫొటోషాప్ తెరిచాను.

ఇందులో Generative Fill అనే సదుపాయం 2023 మేలో ప్రయోగాత్మకంగా వచ్చింది. లాసోతో బోర్డు చుట్టూ గీత గీసి, కింద కనిపించే Generative Fill మీట నొక్కి, ఏం కావాలో అడిగే పెట్టెను ఖాళీగా వదిలేసి Generate అంటే చాలు. కాసేపటికి మూడు నమూనాలు చూపిస్తుంది. కొత్త బొమ్మ విడి పొరగా పడుతుంది కాబట్టి అసలు ఫొటో చెక్కుచెదరదు.

మొదటి ప్రయత్నంలో బోర్డు పోయింది, దాని స్థానంలో ఇంకో బోర్డు వచ్చింది! అక్షరాలు తెలుగులా ఉన్నాయి కానీ ఏ తెలుగువాడూ చదవలేడు. గుడికట్లు, కొమ్ములు, వంకరలు అన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరమూ లేదు. తప్పు కొంత నాదే. గీతను బోర్డు అంచుకు ఆనించి గీశాను. దాంతో చట్రం అంచు, గోడమీద పడిన నీడ, బోర్డును పట్టుకున్న ఇనుప కడ్డీలు బయటే మిగిలాయి. ఈ పనిముట్టు చుట్టుపక్కల చూసి ఊహిస్తుంది. దుకాణాల వీధి, గోడమీద నలుచదరపు నీడ, రెండు కడ్డీలు కనిపిస్తే అక్కడ బోర్డే ఉండాలని అది అనుకోవడంలో వింతేముంది?

రెండోసారి నీడనూ కడ్డీలనూ కలుపుకొని, గీతను ఇంకాస్త వెడల్పు చేశాను. ఈసారి గోడ వచ్చింది. దూరం నుంచి చూస్తే భేషుగ్గా ఉంది. పెద్దది చేసి చూస్తే మాత్రం గోడ మైనం పూసినట్టు నున్నగా ఉంది. పక్కనే అసలు గోడకు పెచ్చులు, మరకలు, కెమెరా గరుకు కనిపిస్తున్నాయి. నా ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, అందులో బోర్డు 1800. మొదట విడుదలైనప్పుడు ఈ పనిముట్టు ఒక్కో విడతకు 1024 పిక్సెళ్ల బొమ్మే గీసేది. అంతకన్నా పెద్ద చోటు అడిగితే గీసినదాన్నే సాగదీసి అతికించేది. ఆ తర్వాత మెరుగుపడింది కానీ, చోటు పెద్దదయ్యేకొద్దీ వివరం పలచబడే గుణం పోలేదు. అందుకే బోర్డును ఒక్కసారిగా కాక రెండు మూడు ముక్కలుగా తీయడం మేలు. చివర Add Noise ఫిల్టరుతో కాస్త గరుకు చల్లితే అతుకు మరుగున పడుతుంది.

వరండా కమ్మీల దగ్గర ఇంకో తంటా. అసలు కమ్మీలు సమాన దూరంలో ఉంటాయి. కొత్తగా వచ్చిన చోట రెండు ఒకదానికొకటి అంటుకున్నాయి, ఒకటి సగంలో కరిగిపోయింది. బోర్డు ముందు నుంచి పోయే కేబుల్ తీగ ఒక కొసన మాయమై, రెండో కొసన జానెడు ఎత్తులో మళ్లీ మొదలైంది. ఇలాంటి లెక్కప్రకారం సాగే వస్తువుల్లో ఊహ పనిచేయదు. వాటిని పక్కనున్న మంచి కమ్మీల నుంచి క్లోన్ స్టాంప్‌తో చేత్తో దిద్దుకున్నాను. ఎదుటి కారు అద్దంలో బోర్డు ఎర్రగా మెరుస్తూనే ఉందని అచ్చు వేయించాక గానీ గమనించలేదు. ఎవరైనా ఇచ్చిన ఫొటోను అనుమానించాల్సి వస్తే నేను ముందు చూసేవి ఇవే: అద్దాలు, నీటి మడుగులు, దిక్కులేని నీడలు, తెగిన తీగలు.

ఆ అచ్చు ప్రతిని మేడ యజమానికి ఇచ్చాను. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“బాగుంది బాబూ. ఈ కిటికీ ఎప్పుడు పెట్టించాం?”

నేను గతుక్కుమన్నాను. పక్క రెండు కిటికీల మాదిరిగానే, అదే రంగులో, అదే రెక్కలతో మూడోది బోర్డు వెనక పుట్టుకొచ్చింది. అక్కడ నిజానికి గాలికోసం వదిలిన జాలీ ఉందట, వాళ్ల నాన్నగారు కట్టించింది. దీనికి ఏ మీటా మందు కాదు. బోర్డు వెనక ఉన్నది కెమెరా చూడలేదు, ఫైల్లో లేదు. పెళ్లి కార్డుకో గోడకు తగిలించుకోవడానికో అయితే ఊహించిన కిటికీతో నష్టం లేదు. పాత కట్టడాల రికార్డుకు, వార్తకు మాత్రం అది అబద్ధపు సాక్ష్యం. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2023లోనే తన ఫొటోల్లో ఇలా కృత్రిమంగా ఏదీ కలపకూడదు, తీయకూడదు అని నియమం పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే మళ్లీ వెళ్లాను. బోర్డు గోడకు అడుగు దూరంలో నిలబడి ఉంది. ఎడమకు నాలుగడుగులు, కుడికి నాలుగడుగులు జరిగి తీస్తే సందుల్లోంచి జాలీ రెండు వైపులా కొంత కొంత దొరికింది. ఆ ముక్కలను కోణం సరిచేసి అసలు ఫొటోలో అతికించాను. మధ్యలో బెత్తెడు ఖాళీ మిగిలింది. దాన్ని మాత్రం Generative Fillకు వదిలేశాను. ప్రింటు వెనక ఆ సంగతి పెన్సిల్‌తో రాసి ఇచ్చాను.