మీకు తెలుసా? సెప్సిస్ నోట్సులో 30 ఒక్కటే రాస్తే చాలదు

సెప్సిస్ చికిత్సపై ప్రసంగం విన్న విద్యార్థి నోట్సులో తప్పక కనిపించే అంకె 30. అవయవాలకు రక్తం సరిగా అందని రోగికి మొదటి 3 గంటల్లో కిలో బరువుకు కనీసం 30 మిల్లీలీటర్ల సెలైన్ వంటి ద్రవం ఎక్కించాలని దాని అర్థం. 60 కిలోల మనిషికైతే 1,800 మిల్లీలీటర్లు.

సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2016లో దీన్ని గట్టి సిఫారసుగా ఇచ్చి, 2021లో బలహీన సిఫారసుగా తగ్గించింది. అందుకే అంకె పక్కనే సంవత్సరం, సిఫారసు బలం కూడా రాసుకోవాలి.

ద్రవాలు ఎంత ఇవ్వాలన్న వివాదం దగ్గరే నోట్సు ఎక్కువగా దారి తప్పుతుంది. 2023 నాటి క్లోవర్స్ ప్రయోగంలో ద్రవాలు తక్కువిచ్చినా ఎక్కువిచ్చినా 90 రోజుల మరణాలు దాదాపు సమానం: 14.0, 14.9 శాతం. దీన్ని చూసి ‘30 అక్కర్లేదు’ అని రాసుకుంటే పొరపాటే. ఆ రోగులకు ప్రయోగంలో చేరేలోపే సుమారు 2 లీటర్లు వెళ్లాయి. అక్కడ పరీక్షించింది ఆ తర్వాతి సీసాల సంగతి.

కాబట్టి తర్వాతి మెట్టును ఇలా రాయండి: ప్రతి సీసాకూ ముందు ఆయాసం, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగొచ్చే వేగం చూడాలి, సగటు ధమనీ పీడనం 65 చేరకపోతే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాలి.