వెలిగే ఆ ఒక్క క్షణం

మొదటి సంవత్సరం పిల్లలకు క్లాక్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు బోర్డు మీద చదరపు అలలు గీయడం నేను మానేసి చాలా ఏళ్లయింది. ఆ గీతలు చూసి తలలూపుతారు, పరీక్షలో మళ్లీ గీస్తారు, అక్కడితో సరి. అందుకే ఇప్పుడు బల్ల మీద బ్రెడ్‌బోర్డు పెడతాను. దాని మీద ఒక 555 చిప్పు, 47 కిలో ఓముల రెసిస్టర్లు రెండు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి, 330 ఓముల రెసిస్టర్ వెనకాల ఒక ఎల్‌ఈడీ. ఐదు వోల్టులు ఇవ్వగానే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. క్లాక్ అంటే ఇదే. మీ ల్యాప్‌టాప్‌లోని క్లాక్ ఇదే పనిని సెకనుకు వందల కోట్ల సార్లు చేస్తుంది కాబట్టి కంటికి అందదు. బల్ల మీది దాన్ని కంటికి అందేంత నెమ్మది చేశాం.

ఈ 555 పాతకాలపు చిప్పు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెన్‌జిండ్ దీన్ని అమెరికాలోని సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించాడు. 1972లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికీ ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లి అడిగితే డబ్బాలోంచి తీసి ఇస్తారు. లోపల జరిగే పని చాలా సాదాగా ఉంటుంది. కెపాసిటర్ రెండు రెసిస్టర్ల గుండా నిండుతుంది. సప్లైలో మూడింట రెండొంతుల వోల్టేజి చేరగానే చిప్పు ఏడో కాలు ద్వారా దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. మూడో వంతుకు దిగగానే మళ్లీ నింపనిస్తుంది. నిండుతున్నంతసేపూ మూడో కాలు హై, అంటే ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఖాళీ అవుతున్నంతసేపూ లో.

ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. నిండేటప్పుడు కరెంటు రెండు రెసిస్టర్లూ దాటి రావాలి. ఖాళీ అయ్యేటప్పుడు రెండోది ఒక్కటే దాటితే చాలు. కాబట్టి నిండడానికి పట్టే సమయం ఎక్కువ.

```
T_high = 0.693 × (R1 + R2) × C = 0.651 s
T_low  = 0.693 × R2 × C        = 0.326 s
T      = T_high + T_low        = 0.977 s
f      = 1 / T                 = 1.02 Hz
```

ఎల్‌ఈడీ ఒకసారి వెలిగిన క్షణం నుంచి మళ్లీ వెలిగే క్షణం దాకా పట్టే 0.977 సెకన్లే పీరియడ్, ఇంటర్ పుస్తకంలో ఆవర్తన కాలం అని చదువుకున్నది. ఒక సెకనులో అలాంటివి ఎన్ని పడతాయో చెప్పేది ఫ్రీక్వెన్సీ, అదే పౌనఃపున్యం. ఇవి రెండు వేర్వేరు సంగతులు కావు. ఒకే సంగతిని ఒకటి సెకన్లలో, రెండోది హెర్ట్జ్‌లలో చెబుతుంది. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అంటే దాని పీరియడ్ 20 మిల్లీసెకన్లు. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

లెక్క కట్టాక పిల్లల చేత కొలిపిస్తాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి అరవై వెలుగులు లెక్కపెట్టమంటాను. లెక్క ప్రకారం 58 సెకన్ల పైచిలుకు రావాలి. ఒక బల్ల మీద యాభైకే అయిపోతుంది, ఇంకో బల్ల మీద అరవై ఎనిమిది దాకా సాగుతుంది. తప్పు వాళ్లది కాదు. ఆ రకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద 10 అని రాసి ఉన్నా అసలు విలువ ఇరవై శాతం అటూ ఇటూ ఉండొచ్చు. దానితోపాటే పీరియడ్ కూడా మారుతుంది.

ఫ్రీక్వెన్సీ దాదాపు ఒక హెర్ట్జ్ అనగానే ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు "అంటే అర సెకను వెలిగి, అర సెకను ఆరుతుంది కదా సార్?" అంటారు. ఎల్‌ఈడీ వైపు చూడమంటాను. వెలుగు ఎక్కువసేపు నిలుస్తోందని కళ్లే చెబుతాయి. మొత్తం పీరియడ్‌లో హైగా ఉన్న వాటాను శాతంలో చెబితే అది డ్యూటీ సైకిల్. మన బోర్డు మీద 0.651ని 0.977తో భాగిస్తే దాదాపు 67 శాతం, మూడింట రెండొంతులు. ఫ్రీక్వెన్సీ ఎంతో చెప్పినంత మాత్రాన ఈ వాటా తెలియదు. పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసి ఒక మైక్రోఫారడ్‌ది పెడితే ఎల్‌ఈడీ పది రెట్లు వేగంగా మినుకుతుంది గానీ, వాటా ఆ 67 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే దాన్ని నిర్ణయించేవి రెసిస్టర్ల మధ్య నిష్పత్తి మాత్రమే. ఈ సర్క్యూట్‌తో సరిగ్గా సగానికి సగం రాదు కూడా. అలా రావాలంటే మొదటి రెసిస్టర్ సున్నా కావాలి. అప్పుడు ఏడో కాలు నేరుగా ఐదు వోల్టులకు తగిలి, దాన్ని నేలకు లాగే లోపలి ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది. ఈ ప్రయోగం చేసి చూసినవాళ్లున్నారు, వాసన వస్తుంది.

ఇప్పుడు పక్కనే 74HC74 చిప్పు పెడతాను. అందులో డి ఫ్లిప్‌ఫ్లాప్‌లు రెండుంటాయి, మనకు ఒకటి చాలు. దాని అవుట్‌పుట్ క్యూ, దానికి తలకిందుల అవుట్‌పుట్ ఇంకోటి. ఆ తలకిందుల దాన్ని తీసుకెళ్లి డి ఇన్‌పుట్‌కే కలుపుతాం. అంటే తన దగ్గర ఒకటి ఉంటే సున్నా తీసుకోవాలి, సున్నా ఉంటే ఒకటి తీసుకోవాలి. ఎప్పుడు తీసుకోవాలో 555 చెబుతుంది. ప్రీసెట్, క్లియర్ అనే రెండు కాళ్లనూ తప్పకుండా ఐదు వోల్టులకు కలపాలి. గాల్లో వదిలేస్తే వేలు దగ్గరికి తెచ్చినా అవుట్‌పుట్ పిచ్చిపిచ్చిగా మారుతుంది. క్యూకి రెండో ఎల్‌ఈడీ పెట్టి చూస్తే అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

మొదటి ఎల్‌ఈడీ వెలిగిన ప్రతిసారీ రెండోది మారుతుంది. ఆరినప్పుడు మాత్రం అది కదలదు. లో నుంచి హైకి ఎక్కే ఆ క్షణాన్ని రైజింగ్ ఎడ్జ్ అంటారు, హై నుంచి లోకి దిగే క్షణాన్ని ఫాలింగ్ ఎడ్జ్ అంటారు. ఈ ఫ్లిప్‌ఫ్లాప్ వినేది రైజింగ్ ఎడ్జ్ ఒక్కదాన్నే. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ని తలుచుకోండి. మనిషి లోపలికి అడుగుపెట్టే క్షణంతోనే అతనికి పని. లోపల ఎంతసేపు కూర్చున్నాడో, ఇంటర్వెల్‌కే లేచి వెళ్లిపోయాడో అతనికి అక్కర్లేదు.

ఎందుకిలా చేశారు, క్లాక్ హైగా ఉన్నంతసేపూ వింటే పోయేదేముంది? మన బోర్డు మీదే ఊహించండి. ఒకటి ఉంటే సున్నా తీసుకోమన్నాం. అది సున్నా కాగానే డి దగ్గర ఒకటి కనిపిస్తుంది, తలుపు ఇంకా తెరిచే ఉంది కనుక దాన్నీ తీసుకుంటుంది. మళ్లీ సున్నా, మళ్లీ ఒకటి. ఒక్కో మార్పుకు 20 నానోసెకన్లు పడుతుందనుకుంటే, ఎల్‌ఈడీ వెలిగి ఉన్న 0.651 సెకన్లలో మూడు కోట్లకు పైగా మార్పులు! చివరికి తలుపు మూసుకున్నప్పుడు ఒకటి దగ్గర ఆగిందో సున్నా దగ్గర ఆగిందో ఎవరూ చెప్పలేరు. ఎడ్జ్‌ను మాత్రమే వింటే పీరియడ్‌కు ఒక్కటంటే ఒక్క మార్పే జరుగుతుంది.

దీని నుంచి ఇంకో విశేషం పుడుతుంది. రెండో ఎల్‌ఈడీ ఒక పీరియడ్ పాటు వెలిగి, ఒక పీరియడ్ పాటు ఆరి ఉంటుంది, 0.977 సెకన్లూ 0.977 సెకన్లూ. ఫ్రీక్వెన్సీ సగమై 0.51 హెర్ట్జ్ అయింది, డ్యూటీ సైకిల్ మాత్రం సరిగ్గా యాభై అయింది. 555 చేతకాదన్న పని ఫ్లిప్‌ఫ్లాప్ చేసిపెట్టింది. మొదటి క్లాక్ 67 శాతమైనా, పది శాతమైనా ఫలితం ఇదే, ఎందుకంటే ఒక రైజింగ్ ఎడ్జ్ నుంచి తర్వాతి దానికి దూరం ఎప్పుడూ ఒక పీరియడే. మరి డ్యూటీ సైకిల్‌తో ఫ్లిప్‌ఫ్లాప్‌కు అసలు పనే లేదా అంటే, ఒక హద్దుంది. హై గానీ లో గానీ మరీ కురచైపోతే చిప్పు ఆ ఎడ్జ్‌ను పట్టుకోలేదు. ఎంత ఉండాలో డేటాషీట్‌లో నానోసెకన్లలో రాసి ఉంటుంది. మన నెమ్మది క్లాక్‌కు ఆ భయం లేదు, వేగం పెరిగేకొద్దీ అదే పెద్ద పేచీ అవుతుంది.

చివర్లో 555ను ఊడదీసి, దాని బదులు ఒక పుష్ బటన్ పెట్టుకోమంటాను. ఒకసారి నొక్కితే ఒక ఎడ్జ్ కదా, ఎల్‌ఈడీ ఒకసారి మారాలి. మారదు! ఒకసారి మారుతుంది, ఇంకోసారి నొక్కితే ఉన్నట్టే ఉంటుంది. పిల్లలు బటన్ పాడైందంటారు. నిజానికి అందులోని లోహపు రేకులు తగిలిన వెంటనే కుదురుకోవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. వేలికి తెలియని ఆ ప్రతి ఎగురూ ఫ్లిప్‌ఫ్లాప్‌కు ఒక రైజింగ్ ఎడ్జే. ఎగుళ్లు బేసి సంఖ్య అయితే ఎల్‌ఈడీ మారినట్టుంటుంది, సరి సంఖ్య అయితే కదలనట్టుంటుంది. ఇలాంటిదే మరో పొరపాటు, క్లాక్‌ను 555 మూడో కాలు నుంచి కాకుండా కెపాసిటర్ మీద నుంచి తీసుకోవడం. అక్కడ వోల్టేజి సగం సెకను పైగా తీరిగ్గా ఎక్కుతుంది. గడప దగ్గర కాస్త వణికినా ఒక ఎక్కుడు నాలుగైదు ఎడ్జ్‌లై కూర్చుంటుంది. ఫ్రీక్వెన్సీ లెక్కలన్నీ సరిగ్గా ఉండి కూడా కౌంటర్ ఎక్కువ చూపిస్తోందంటే నేను ముందు వెతికేది ఈ దొంగ ఎడ్జ్‌ల కోసమే. మధ్యలో 74HC14 లాంటి ష్మిట్ ట్రిగ్గర్ పెడితే నెమ్మదిగా ఎక్కే వోల్టేజి కూడా ఒక్క పదునైన ఎడ్జ్ అవుతుంది. బటన్‌కైతే దానికి ముందు ఒక రెసిస్టర్, కెపాసిటర్ కూడా పెట్టి ఎగుళ్లను చదును చేయాలి.

ఫ్లిప్‌ఫ్లాప్‌తో సగం చేసే ఈ కిటుకు మీ ఇంటి గోడ మీద కూడా నడుస్తోంది. క్వార్ట్జ్ గోడ గడియారంలో సన్నటి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ వింత అంకె ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే సెకన్ల ముల్లును జరిపే ఒక హెర్ట్జ్. అయితే ఆ ఒక సెకను పొడుగునా మోటారుకు కరెంటు అందదు. ముల్లు ఒక అడుగు వేయడానికి చాలినంతసేపు, కొన్ని పదుల మిల్లీసెకన్లు మాత్రమే ఇచ్చి ఆపేస్తారు. డ్యూటీ సైకిల్‌ను అంత తక్కువలో ఉంచబట్టే ఒక్క పెన్సిల్ సెల్లుతో ఆ గడియారం నెలల తరబడి తిరుగుతోంది.